వెనక్కి లెక్కపెట్టే క్యాలెండర్

వంటింటి గోడ మీది క్యాలెండర్‌లో పాలు పోయించుకోని రోజులకు అడ్డగీతలుంటాయి, గ్యాస్ బండ మార్చిన తేదీకి సున్నా ఉంటుంది. వాటి మధ్య ఇంకెవరూ పట్టించుకోని చిన్న ఎర్ర చుక్క ఒకటి ఉంటుంది. అది డేట్ వచ్చిన రోజు. నెలసరిని ముందుగా అంచనా వేసే లెక్కకి కావలసిన సామగ్రి ఆ చుక్కలే.

చుక్క పెట్టడంలో ఒక్కటే నియమం. సరిగ్గా రక్తస్రావం మొదలైన రోజే ఒకటో రోజు. ముందురోజు కనిపించిన చిన్న మరక లెక్కలోకి రాదు, స్రావం ఆగిన రోజుతో అసలు పనే లేదు. ఈ చుక్క నుంచి వచ్చే చుక్కకి ముందురోజు దాకా ఒక చక్రం.

ఉదాహరణకి 2025 క్యాలెండర్‌లో ఒకామె చుక్కలు ఇలా ఉన్నాయనుకుందాం: జనవరి 4, ఫిబ్రవరి 1, ఫిబ్రవరి 28, మార్చి 30, ఏప్రిల్ 28, మే 24, జూన్ 24. ఫిబ్రవరిలో రెండు చుక్కలు చూసి ఒకే నెలలో రెండుసార్లు వచ్చిందని కంగారు పడేవాళ్లున్నారు. లెక్కపెడితే ఆ రెంటికీ మధ్య 27 రోజులు, అందులో తేడా ఏమీ లేదు. నెల పేరు చూడకూడదు, రోజులు చూడాలి. మొత్తం ఆరు చక్రాలూ వరుసగా 28, 27, 30, 29, 26, 31 రోజులు. సగటు ఇరవై ఎనిమిదిన్నర. కానీ ఈ పనిలో సగటు కన్నా రెండు చివరలే ముఖ్యం: అతి చిన్నది 26, అతి పెద్దది 31. జూన్ 24కి వాటిని కలిపితే తర్వాతి డేట్ జూలై 20కీ 25కీ మధ్య వస్తుందని చెప్పవచ్చు. ఒక్క తేదీ పట్టుకుని కూర్చోవడం కన్నా ఈ ఆరు రోజుల సందు నిజానికి దగ్గరగా ఉంటుంది.

అసలు పనితనం గర్భం వచ్చే అవకాశమున్న రోజుల్ని పట్టుకోవడంలో ఉంది. అండం ఎప్పుడు విడుదలవుతుందో డేట్ నుంచి ముందుకి లెక్కపెడితే దొరకదు. ఎందుకంటే అండం పక్వానికి రావడానికి పట్టే కాలం ఒక్కో నెల ఒక్కోలా ఉంటుంది. జ్వరం, ప్రయాణం, దిగులు లాంటివి దాన్ని వెనక్కి నెట్టగలవు. విడుదలయ్యాక మాత్రం కథ దాదాపు నియమం ప్రకారం నడుస్తుంది. అండం వదిలి వెళ్లిన తొడుగు ప్రొజెస్టెరాన్‌ని తయారుచేస్తూ సుమారు రెండు వారాలు బతుకుతుంది. గర్భం నిలవకపోతే అది వాడిపోతుంది, హార్మోన్ తగ్గుతుంది, గర్భాశయం లోపలి పొర రాలుతుంది. అందుకే జపాన్‌లోని నీగాటాలో పనిచేసిన వైద్యుడు క్యూసాకు ఒగినో 1924లో లెక్కని తిరగేశాడు. వచ్చే నెలసరి నుంచి వెనక్కి 12, 16 రోజుల మధ్య అండం విడుదలవుతుందన్నాడు. ఆస్ట్రియాలో హెర్మన్ క్నౌస్ కూడా విడిగా దాదాపు ఇదే మాట చెప్పాడు.

చిక్కేమిటంటే, వచ్చే నెలసరి ఇంకా రాలేదు. రాని రోజు నుంచి వెనక్కి ఎలా లెక్కపెట్టాలి? దాని స్థానంలో గడిచిన చక్రాల రెండు చివరల్ని నిలబెట్టడమే ఇందులోని తెలివి. చిన్న చక్రంలోంచి 18 తీసేయాలి, పెద్ద చక్రంలోంచి 11. పద్దెనిమిది ఎలా వచ్చిందంటే, 14 రోజులకి అటూ ఇటూ కదలికగా 2, వీర్యకణాలు ముందే వచ్చి కాచుకునే కాలంగా మరో 2. పదకొండులో ఆ 14 లోంచి కదలికకి 2, అండం బతికే ఒక్క రోజూ పోయాయి. మన ఉదాహరణలో 26 లోంచి 18 పోతే 8, 31 లోంచి 11 పోతే 20. జూన్ 24 ఒకటో రోజు కాబట్టి ఎనిమిదోది జూలై 1, ఇరవయ్యోది జూలై 13. ఆ పదమూడు రోజులూ గర్భం వచ్చే అవకాశమున్నవే.

నిజానికి ఒక చక్రంలో అలాంటి రోజులు ఆరే: అండం విడుదలైన రోజు, దాని ముందు అయిదు. అవి ఏ ఆరో ముందుగా తెలియదు కాబట్టే లెక్క పదమూడు రోజుల్ని చుట్టేస్తుంది. తేడా ఎంత పెరిగితే కిటికీ అంత వెడల్పవుతుంది. ఒక నెల 24, ఇంకో నెల 38 వచ్చే మనిషికి అది 6 నుంచి 27 దాకా సాగుతుంది. అప్పుడిక ఆ లెక్క చెప్పేదేమీ లేదు. కాన్పయ్యాక, పాలిచ్చే కాలంలో, కొత్తగా పెద్దమనిషైన పిల్లల్లో, ముట్లుడిగే ముందు ఇదే పరిస్థితి.

మరో లోపం కూడా చెప్పాలి. వీర్యకణాలు అయిదు రోజులదాకా బతకగలవని ఇప్పుడు తెలుసు, పాత సూత్రం వాటికి రెండు రోజులే ఇచ్చింది. పిల్లల కోసం చూసేవారికి ఇది పెద్ద ఇబ్బంది కాదు. వద్దనుకునేవారు మాత్రం ఈ ఒక్క లెక్కనే నమ్ముకోకూడదు.

కొత్త చుక్క పడిన ప్రతిసారీ పాత చక్రం ఒకటి వదిలేసి మళ్లీ చిన్నదీ పెద్దదీ చూసుకోవాలి. జూలై 25 దాటినా చుక్క పడకపోతే, గర్భానికి అవకాశముంటే, పరీక్ష చేయించుకోండి.