1/n కంటే చిన్నదైనంత మాత్రాన

సంగారెడ్డి, పటాన్‌చెరు చుట్టుపక్కల పిల్లలకు బీఎస్సీ లెక్కలు చెబుతుంటాను. రియల్ అనాలిసిస్ జవాబుల్లో ఒక రుజువు నాకు మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. n విలువ 2 నుంచి మొదలయ్యే Σ 1/(n log n) అనే శ్రేణి అభిసరిస్తుందా, అపసరిస్తుందా అన్నది ప్రశ్న. ఇక్కడ log అంటే సహజ సంవర్గమానం. పిల్లలు రాసే జవాబు మూడే వాక్యాలు. n కనీసం 3 అయితే log n ఒకటి కంటే పెద్దది. అందువల్ల 1/(n log n) < 1/n. కనుక పోలిక పరీక్ష ప్రకారం ఈ శ్రేణి అభిసరిస్తుంది.

మొదటి వాక్యం నిజం. రెండోదీ నిజమే. అందుకే ఈ రుజువును దిద్దడం కష్టం. చదివేవారి కన్ను రెండు సరైన మెట్లు ఎక్కి, అదే ఊపులో మూడోది కూడా ఎక్కేస్తుంది. నేను మూడో వాక్యం దగ్గర ఆగి, పోలిక పరీక్షకు కావలసినవన్నీ చేతికి అందాయా అని చూస్తాను. ధన పదాల శ్రేణిలో పాక్షిక మొత్తాలు పెరగడమే తప్ప తగ్గవు. అలా పెరిగేవి ఏదో ఒక సంఖ్యను దాటలేవని తేలితే, అవి ఒక అవధి దగ్గర కుదురుకోక తప్పదు. దాటలేని ఆ సంఖ్యను మనకిచ్చేది పెద్ద శ్రేణి మొత్తమే. ఇక్కడ పెద్ద శ్రేణి Σ 1/n. దానికి మొత్తమే లేదు, అది ఎంతకైనా పెరుగుతుంది. మన శ్రేణి దానికి కింద ఉందనడం వల్ల ఏ కప్పూ ఏర్పడలేదు. మొదటి రెండు వాక్యాల్లో పొరపాటు మాట ఏదీ లేదు. లేనిది ఒక వాక్యం: "Σ 1/n అభిసరిస్తుంది కాబట్టి." రాద్దామని కలం పెడితే అది అబద్ధమని వెంటనే తెలిసేది. రాయకుండా దాటేశారు కాబట్టి తెలియలేదు.

ఈ తప్పు ఎక్కడి నుంచి వస్తుందో ఈ ప్రాంతంలో నాకు కొంత అర్థమైంది. నా దగ్గర చదివేవారిలో పాశమైలారం, బొల్లారం వైపు మందుల కంపెనీల క్యూసీ ల్యాబుల్లో షిఫ్టులు చేసేవాళ్లున్నారు. అక్కడ మలినాల పరీక్షకు కాగితం మీద "ఇంతకు మించరాదు" అని ఒక అంకె ఉంటుంది. వచ్చిన ఫలితం దానికి లోపల ఉంటే ఆ బ్యాచ్ పాస్. రోజంతా అలా పనిచేసే బుద్ధికి "కింద ఉంది, కనుక సరే" అనడం సహజం. కానీ ల్యాబులో ఆ పద్ధతి నిలిచేది, హద్దుగా రాసింది ఒక నిర్దిష్టమైన అంకె కాబట్టే. ఆ గడిలో "అనంతం" అని రాసి ఉంటే ప్రతి బ్యాచూ పాసే, పరీక్ష చేయడంలో అర్థమే ఉండదు.

తప్పు చూపించడానికి నేను సిద్ధాంతం మళ్లీ చెప్పను. అదే రుజువును ఇంకో శ్రేణికి తొడుగుతాను. 1/(n+1) తీసుకోండి. ప్రతి nకీ అది 1/n కంటే చిన్నది. ఆ మూడు వాక్యాల తర్కం ప్రకారం Σ 1/(n+1) అభిసరించాలి. కానీ అది మొదటి పదం తీసేసిన Σ 1/n తప్ప వేరే ఏమీ కాదు. ఒక పదం తీసేస్తే అనంతం పరిమితం కాదు. ఇక వాదించడానికి ఏమీ మిగలదు.

ఇంకో జాగ్రత్త కూడా ఉంది. రుజువు చెల్లనంత మాత్రాన ఫలితం తప్పని కాదు. హారంలో log n బదులు దాని వర్గం పెట్టి చూడండి. Σ 1/(n (log n)²) కూడా 1/n కిందే ఉంటుంది. అదే మూడు వాక్యాలు అక్షరం మారకుండా సరిపోతాయి. ఈసారి శ్రేణి నిజంగానే అభిసరిస్తుంది. ఫలితం సరిగ్గా వచ్చిందని దీనికి మార్కులు వేస్తే మాత్రం అన్యాయమని నా గట్టి అభిప్రాయం. రెండు వేర్వేరు గతులున్న శ్రేణులకు ఒకే తీర్పు చెప్పే వాదన, ఆ రెంటిలో దేని గురించీ ఏమీ చెప్పనట్టే.

మరి Σ 1/(n log n) సంగతి ఎలా తేల్చాలి? కొందరు కంప్యూటర్లో కూడి చూస్తారు. వెయ్యి వరకు కూడితే మొత్తం సుమారు 2.73, పది లక్షల వరకు కూడితే సుమారు 3.42. ఆగిపోతున్నట్టే కనిపిస్తుంది. కానీ ఈ మొత్తం log log n వేగంతో పెరుగుతుంది. 10 దాటాలంటే దాదాపు 4,300 అంకెలున్న n వరకు వెళ్లాలి. ఏ యంత్రమూ అంతదాకా కూడలేదు. ఇక్కడ నమ్మదగ్గది రుజువు ఒక్కటే.

ఆ రుజువుకు దారి 14వ శతాబ్దపు ఫ్రెంచ్ పండితుడు ఒరేమ్ Σ 1/n అపసరిస్తుందని చూపిన పద్ధతే: పదాలను గుంపులు కట్టడం. 2^k తర్వాతి పదం నుంచి 2^(k+1) వరకు ఉన్నవాటిని ఒక గుంపు చేయండి. అందులో 2^k పదాలుంటాయి. వాటిలో అతి చిన్నది చివరిది, దాని విలువ 1/(2^(k+1) · (k+1) log 2). కాబట్టి గుంపు మొత్తం 1/(2(k+1) log 2) కంటే తక్కువ కాదు. గుంపులన్నీ కలిపితే ఒక స్థిర సంఖ్యతో గుణించిన 1/(k+1)ల శ్రేణి మన కింద నిలుస్తుంది. అది అపసరిస్తుంది కనుక మనదీ అపసరిస్తుంది. పిల్లలు పైన పెట్టిన Σ 1/n లాంటిదే ఇప్పుడు కిందికి వచ్చింది. కింద ఉన్నప్పుడే అది పైనున్నదాన్ని నెట్టగలదు.

ఇదే శ్రేణి ఒకప్పుడు అచ్చైన పరిశోధన వ్యాసాన్నే ఖండించింది. 1827లో ఒలివియే అనే ఆయన జర్మనీ నుంచి వెలువడే క్రెల్లె పత్రికలో ఒక పరీక్ష ప్రతిపాదించాడు: ధన పదాల శ్రేణిలో n వ పదాన్ని nతో గుణిస్తే వచ్చేది సున్నాకు చేరితే శ్రేణి అభిసరిస్తుందని. అంటే పదాలు 1/n కంటే ఎంతో చిన్నవైతే చాలన్నమాట. మరుసటి ఏడాది అదే పత్రికలో నార్వే గణితవేత్త ఆబెల్ జవాబిచ్చాడు. 1/(n log n)ను nతో గుణిస్తే 1/log n వస్తుంది, అది సున్నాకు చేరుతుంది, అయినా శ్రేణి అపసరిస్తుంది. అప్పటికి ఆబెల్ వయసు పాతికేళ్లు.

ఆబెల్ అక్కడితో ఆగలేదు, నాకు అసలు నచ్చేది ఆ తర్వాతి మెట్టు. 1/n సరిపోకపోతే దానికంటే చిన్న అపసరణ శ్రేణిని గీటురాయిగా పెట్టుకుందామా అని ఎవరైనా అడగవచ్చు. ఏది పెట్టుకున్నా లాభం లేదు. ధన పదాల అపసరణ శ్రేణి ఏదైనా తీసుకుని, ప్రతి పదం a_nనూ అక్కడి వరకున్న మొత్తం S_nతో భాగించండి. S_n ఎంతకైనా పెరుగుతుంది కాబట్టి కొత్త పదాలు పాతవాటి పక్కన అణగిపోతాయి. అయినా కొత్త శ్రేణి అపసరిస్తుంది. m దాటిన దగ్గర్నుంచి p వరకు కొత్త పదాలను కూడితే, ప్రతి హారమూ S_pకి మించదు కాబట్టి, మొత్తం (S_p − S_m)/S_p కంటే తక్కువ కాదు. mను కదపకుండా pని పెంచుతూ పోతే అది 1కి చేరువవుతుంది. కాబట్టి ఎంత దూరం వెళ్లి ఆగినా, అక్కడి నుంచి ఇంకో అర వంతు కూడడానికి సరిపడా పదాలు ముందు ఉంటాయి.