ముప్పై రెండు లక్షల్లో జీతమెంత?

ఒక ఆఫర్ లెటర్ మీద 32 లక్షలు, ఇంకోదాని మీద 22 లక్షలు. మొదటిది బెంగళూరులో నాలుగేళ్ల కిందట మొదలైన స్టార్టప్‌ది. రెండోది వేలమంది పనిచేసే పెద్ద కంపెనీది. రెండూ తెచ్చుకున్నది మడకశిర దగ్గరి పల్లె అమ్మాయి, మూడేళ్లుగా బెంగళూరులో బ్యాకెండ్ కోడ్ రాస్తోంది. ఇంట్లో కొంచెం వక్కతోట, కొంచెం మల్బరీ. మూడు వైపులా కర్ణాటక ఉన్న తాలూకా మాది. చదువుకున్న పిల్లలు బెంగళూరు బస్సెక్కడం మాకు కొత్తేమీ కాదు. కానీ ఆఫర్ లెటర్ చదవడం ఇంట్లో నేర్పేవాళ్లు లేరు. దసరా సెలవుల్లో కూతురితో పాటు వచ్చిన ఆ తండ్రి నన్ను సూటిగానే అడిగాడు: "పది లక్షలు ఎక్కువిస్తామంటాంటే ఇంక ఆలోచించేదేముందప్పా?"

ఆ పది లక్షలు ఎక్కడున్నాయో వెతకడంతోనే మొదలుపెట్టాం.

పెద్ద కంపెనీ 22 లక్షల్లో నెలనెలా వచ్చే జీతం కింద ఏడాదికి 17 లక్షలు. రెండు లక్షలు వేరియబుల్, అంటే కంపెనీ లాభాన్నీ మేనేజర్ ఇచ్చే రేటింగునూ బట్టి వచ్చేది. లక్షన్నర జాయినింగ్ బోనస్, అదీ ఒక్కసారే, ఏడాది లోపు మానేస్తే తిరిగి కట్టాలి. మిగిలిన లక్షన్నరలో పీఎఫ్‌కు కంపెనీ వేసే వాటా సుమారు 80 వేలు, ఆపైన గ్రాట్యుటీ, బీమా ప్రీమియం. గ్రాట్యుటీ చేతికి రావాలంటే మామూలుగా అయిదేళ్లు పనిచేయాలి. మూడేళ్లకే మారే ఇంజినీరుకు అది కాగితం మీది అంకె.

స్టార్టప్ 32 లక్షల్లో జీతం 18, పనితీరు బోనస్ 2, ఈసాప్ 12. అసలు కిటుకు ఇక్కడుంది. ఆ 12 లక్షల ఆప్షన్లు ఒక ఏడాదివి కావు. నాలుగేళ్లకు కలిపి ఇచ్చినవాటిని ఒకే ఏడాది ప్యాకేజీలో కూడేశారు. మొదటి ఏడాది పూర్తి కాకుండా వెళ్లిపోతే ఒక్కటీ రాదు. ఏడాది నిండితే పావు భాగం సొంతమవుతుంది, ఆ తరువాత కొంచెం కొంచెంగా. ఇక ఆ 18 లక్షల్లో పీఎఫ్‌కు కంపెనీ వాటా కూడా ఉంది, చట్టం అడిగే కనీసం, నెలకు 1,800. అది తీసేస్తే 17 లక్షల 78 వేలు. అటు పెద్ద కంపెనీలో 17 లక్షలు, దాని మీద పీఎఫ్ 80 వేలు. పీఎఫ్‌తో కలిపి చూస్తే ఇటు 18 లక్షలు, అటు 17 లక్షల 80 వేలు. రెండూ ఇంచుమించు ఒకటే. తండ్రి కాగితం తీసుకుని కూడిక మళ్లీ తానే వేసుకున్నాడు.

ఇప్పుడు ఆప్షన్ల సంగతి. లెటర్లో "12 లక్షల విలువ" అని మాత్రమే రాసుంది. ఆ మాటతో ఏమీ తేలదు. ఎన్ని ఆప్షన్లు, ఒక్కోదానికి మనం కట్టాల్సిన ఎక్సర్‌సైజ్ ధరెంత, ఆప్షన్లతో సహా లెక్కేస్తే కంపెనీకి మొత్తం షేర్లెన్ని, పెట్టుబడిదారులు ఎంత పెట్టారు, ఏ షరతు మీద పెట్టారు, ఈ సంగతులు అడగమన్నాను. హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టింది. రెండు రోజుల్లో జవాబొచ్చింది, అది వాళ్ల గురించి మంచి మాటే. ఆప్షన్లు 1,000. పోయిన పెట్టుబడి విడతలో షేరు ధర 1,200. ఎక్సర్‌సైజ్ ధర 200. మొత్తం షేర్లు పది లక్షలు. పెట్టుబడిదారులు 40 కోట్లు పెట్టి 35 శాతం తీసుకున్నారు. కంపెనీ అమ్ముడుపోతే ముందు వాళ్ల 40 కోట్లు వాళ్లకు, లేదా వాటా ప్రకారం వచ్చేది, రెండింటిలో ఏది ఎక్కువైతే అది.

దీన్ని పెట్టుకుని రెండు లెక్కలు వేశాం. కంపెనీ సరిగ్గా ఇప్పటి ధరకే, 120 కోట్లకు అమ్ముడుపోయిందనుకుందాం. వాటా ప్రకారం పెట్టుబడిదారులకు 42 కోట్లు వస్తాయి, కాబట్టి అందరితో పాటే పంచుకుంటారు. షేరుకు 1,200. అందులో 200 మనం కట్టాలి. వెయ్యి ఆప్షన్లకు మిగిలేది పది లక్షలు, లెటర్లో రాసిన 12 కాదు. అదీ నాలుగేళ్లూ ఉంటే, మధ్యలో కొత్త పెట్టుబడి వచ్చి మొత్తం షేర్లు పెరగకుండా ఉంటే, పన్ను కట్టకముందు. రెండోది, 50 కోట్లకే అమ్ముడుపోయిందనుకుందాం. 35 శాతమంటే పదిహేడున్నర కోట్లే, కాబట్టి పెట్టుబడిదారులు ముందు తమ 40 కోట్లు పట్టుకుపోతారు. మిగిలిన పది కోట్లు ఆరున్నర లక్షల షేర్లకు పంచితే షేరుకు 154 రూపాయలు కూడా రావు. 200 కట్టి 154 తెచ్చుకునేవాళ్లెవరూ ఉండరు. 50 కోట్లకు అమ్ముడుపోయిన కంపెనీ ఫౌండర్ల ఫొటో పేపర్లో పడుతుంది, ఈ అమ్మాయి ఆప్షన్ల విలువ మాత్రం సున్నా.

2018లో వాల్‌మార్ట్ 16 బిలియన్ డాలర్లు పెట్టి ఫ్లిప్‌కార్ట్‌లో 77 శాతం కొన్నప్పుడు ఈసాప్ చేతిలో ఉన్న ఎందరో ఇంజినీర్లకు నిజంగానే డబ్బొచ్చింది. 2022లో 22 బిలియన్ డాలర్లని చెప్పుకున్న బైజూస్ 2024 జులైకల్లా దివాలా విచారణకు చేరింది. ఇక రెడ్‌బస్. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఉద్యోగం వదిలి 2006లో దాన్ని మొదలుపెట్టిన ఫణీంద్ర సామా కథ మన ఇళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. కానీ అది ఫౌండర్ కథ. మొదటి రోజు షేరు తీసుకున్న మనిషికీ, నాలుగో ఏడాది వెయ్యి ఆప్షన్లు తీసుకునే ఉద్యోగికీ పోలిక లేదు. అందుకే నెలవారీ లెక్కలో ఆప్షన్లను సున్నాగా రాయమంటాను. సున్నా రాసిన తరువాత కూడా ఆ ఉద్యోగం నచ్చితే వెళ్లొచ్చు. సున్నా రాయగానే నచ్చకుండా పోతే, నచ్చింది ఉద్యోగం కాదు, అంకె.

ఇంకో షరతు ఈసాప్ పాలసీ కాగితంలో లోపలెక్కడో ఉంది. ఉద్యోగం మానేస్తే 90 రోజుల్లో ఎక్సర్‌సైజ్ చేయాలి, లేకపోతే ఆప్షన్లు రద్దు. రెండేళ్లకు మానేస్తే 500 ఆప్షన్లు సొంతమై ఉంటాయి. వాటికి లక్ష రూపాయలు కట్టాలి. అంతటితో అవ్వదు. మర్చంట్ బ్యాంకర్ ఆనాటికి షేరుకు కట్టిన ధర 1,200 అయితే, మన 200 పోగా మిగిలిన వెయ్యి చొప్పున అయిదు లక్షలు ఆ ఏడాది జీతంలో కలుస్తాయి. పన్ను ఇంకో లక్షకు పైనే. ఇవన్నీ కట్టి తెచ్చుకునే షేర్లను కొనేవాళ్లు బజారులో ఉండరు. ప్రభుత్వ సర్టిఫికెట్ పొందిన కొన్ని స్టార్టప్‌ల ఉద్యోగులకు ఈ పన్ను వాయిదా వేసుకునే వీలు 2020 నుంచి ఉంది గానీ, ఉద్యోగం మానేసిన రోజే ఆ వాయిదా ముగుస్తుంది. పెద్ద కంపెనీ లిస్టయినదై షేర్లే ఇస్తే సంగతి వేరు, చేతికొచ్చిన రోజే కొన్ని అమ్మి పన్ను కట్టుకోవచ్చు.

కంపెనీ మాట మీదే ఆధారపడనక్కర్లేదు. కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్లో View Public Documents కింద వంద రూపాయలు కడితే ఆ కంపెనీ దాఖలు చేసిన కాగితాలు చూడొచ్చు. PAS-3లో ఏ ధరకు ఎన్ని షేర్లిచ్చారో ఉంటుంది, AOC-4లో లాభనష్టాలుంటాయి. ఆ లెక్కలు కొన్ని నెలల పాతవి, ఇప్పుడు బ్యాంకులో ఎంతుందో చెప్పవు. దానికి నాకు పీఎఫ్ వెబ్‌సైట్ మీద నమ్మకం ఎక్కువ. Establishment Searchలో కంపెనీ పేరు కొడితే ఏ నెల పీఎఫ్ ఏ రోజు కట్టారో, ఎంతమందికి కట్టారో ఎవరైనా చూడొచ్చు. తరువాతి నెల 15 లోపు కట్టాలి. ఆ తేదీ నెలనెలా వెనక్కి జరుగుతుంటే, లేదా మనుషుల లెక్క తగ్గుతూ వస్తుంటే, ఇంటర్వ్యూలో ఎంత తియ్యగా మాట్లాడినా ఆగి ఆలోచించాలి. ఈ స్టార్టప్ తేదీలు బాగానే ఉన్నాయి. చేతిలో ఉన్న డబ్బు పదకొండు నెలలకు సరిపోతుందని కూడా దాచకుండా చెప్పారు.

పదకొండు నెలలు ఎక్కువా తక్కువా అన్నది కంపెనీని చూసి చెప్పలేం, ఇంటిని చూసి చెప్పాలి. ఈ అమ్మాయి నెలకు ఇంటికి పంపేది 25 వేలు, బెంగళూరు ఖర్చు 35 వేలు, బోరు అప్పు కంతు 20 వేలు. మొత్తం 80 వేలు. బ్యాంకులో ఉన్నది లక్షా అరవై వేలు, అంటే రెండు నెలల తిండి. ఇది తండ్రికి వివరించాల్సిన పని పడలేదు. మా వైపు బోరు వేయించేవాడు పాయింటు పెట్టినాయన చెప్పిన అడుగులు కాదు చూసేది, ఈ బోరు ఫెయిలైతే ఇంకోటి వేయించే శక్తి ఉందా లేదా అన్నది. "అయితే ఆర్నెల్ల ఖర్చు చేతిలో ఉండాల" అని ఆయనే అన్నాడు. నేను చెప్పబోయిందీ అదే.

ఇంకోటి బీమా. పెద్ద కంపెనీ పాలసీలో తల్లిదండ్రులూ ఉన్నారు. స్టార్టప్ పాలసీలో అమ్మాయి ఒక్కతే. తండ్రికి షుగరు. బయట సొంతంగా పాలసీ తీసుకుంటే ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా ఆగమనొచ్చు, కంపెనీ గ్రూపు పాలసీల్లో చాలావాటికి ఆ గడువుండదు. ఈ సంగతి ఏ ప్యాకేజీ అంకెలోనూ కనపడదు.

పెద్ద కంపెనీ అంటే భద్రత అనే మాటను కూడా నేను గుడ్డిగా నమ్మను. 2009 జనవరి 7న సత్యం రామలింగరాజు రాసిన ఉత్తరం బయటపడ్డ రోజు, హైదరాబాద్‌లో తమ ఉద్యోగమే అన్నిటికంటే గట్టిదనుకున్న వేలమంది మరుసటి నెల జీతం కోసం భయపడ్డారు. ప్రభుత్వం బోర్డును మార్చి, ఏప్రిల్లో టెక్ మహీంద్రా కొన్నాకే ఊపిరి పీల్చుకున్నారు. పెద్ద కంపెనీలో ఇంకో నష్టం ఉంది, అది నెమ్మదిగా జరుగుతుంది. ఏ టీమో చెప్పకుండా చేర్చుకుంటారు. రెండేళ్లు ఎవరో రాసిన కోడుకు చిన్న చిన్న మార్పులు చేస్తూ గడిచిపోతుంది. మారదామంటే 90 రోజుల నోటీసు, అన్ని రోజులు ఆగే కంపెనీలు తక్కువ.

పని విషయంలో స్టార్టప్‌దే పైచేయి. అక్కడ ఆమె తొమ్మిదో ఇంజినీరు, పేమెంట్ల సర్వీసు మొత్తం తన చేతికిస్తామన్నారు. తన కోడ్ చదివి తప్పులు చెప్పే సీనియరుతో ముందే మాట్లాడింది, ఆయన మాట మీద ఆమెకు గురి కుదిరింది. పెద్ద కంపెనీ వాళ్లు టీము సంగతి చేరాక చెబుతామన్నారు. "ఆ మాట ఒప్పుకోవద్దమ్మా, మేనేజరుతో అరగంట మాట్లాడించమని అడుగు" అన్నాను. అడిగింది. మొదట కుదరదన్నారు, వారానికి కుదిరింది. బిల్లింగ్ టీము, రెండు వారాలకోసారి రిలీజు, ప్రతి మార్పునూ ఇంకో ఇంజినీరు చదవాలి. మేనేజరు చెప్పిన టీము పేరును మెయిల్లో రాసివ్వమంది, రాసిచ్చారు.

చేతిలో ఆరు నెలల ఖర్చుంటే స్టార్టప్‌కే వెళ్లమనేవాణ్ని, ఆ మాట ఆమెతోనూ అన్నాను. ఇప్పుడున్నది రెండు నెలలది. పెద్ద కంపెనీలో చేరింది. నెలకు 40 వేలు మిగిలితే తక్కువైన మూడు లక్షల ఇరవై వేలు ఎనిమిది నెలల్లో కూడతాయి. స్టార్టప్‌కు రాసిన జవాబులో తాను రాలేకపోవడానికి ఇంటి పరిస్థితితో పాటు మరో రెండు కారణాలు దాచకుండా రాసింది: మానేశాక 90 రోజుల గడువు, అమ్మానాన్నలకు లేని బీమా. ఆ రెండూ మారితే ఏడాది తరువాత మళ్లీ మాట్లాడతానంది.