పుల్లరి ఎవరు ఎగ్గొట్టారు?

ఖడ్గతిక్కన కథ మనలో చాలామందిమి చిన్నప్పుడే విన్నాం. కాటమరాజు నెల్లూరు రాజు మనుమసిద్ధికి పుల్లరి, అంటే పశువుల మేతకి కట్టాల్సిన పన్ను, కట్టలేదు. సేనాని తిక్కన యుద్ధానికెళ్ళి ఓడి తిరిగొచ్చాడు. భార్య స్నానానికి మంచం అడ్డుపెట్టి, పసుపు ముద్ద ఉంచింది. సిగ్గుపడి మళ్ళీ వెళ్ళి ప్రాణాలిచ్చాడు. ఇందులో కాటమరాజు పన్నెగ్గొట్టినవాడు, అంతే. ఎందుకు ఎగ్గొట్టాడని మనం అడగలేదు.

అదే యుద్ధాన్ని గొల్లల తరఫున కొమ్మువారు పాడినప్పుడు కథ చాలా ముందు మొదలవుతుంది. కరువొచ్చి కాటమరాజు ఆవుల మందలతో నెల్లూరు సీమకి వస్తాడు. ఇక్కడ రాజు పేరు నల్లసిద్ధి. ఒప్పందం కుదురుతుంది: గడ్డి మందలది, పుట్టిన కోడెదూడలు రాజువి. తర్వాత రాజు ప్రియురాలి పెంపుడు చిలుక ఆవుల్ని బెదరగొడుతుంది, కాపరులు దాన్ని కొడతారు, ఆమె పగబట్టి ఆవుల్ని చంపిస్తుంది. అప్పుడు కాటమరాజు పుల్లరి ఆపేస్తాడు. అంటే ఒప్పందం ముందు తప్పింది రాజు పక్షమే.

తెలంగాణలో ఈ కథ మందహెచ్చులవాళ్ళ చేతికొచ్చింది. వీళ్ళు పెట్టెలోంచి చెక్కబొమ్మలు ఒక్కొక్కటిగా తీసి నిలబెడుతూ చెబుతారు. పాలేటి ఒడ్డు వినేవాళ్ళకి చాలా దూరం. బొమ్మ బయటికి తీసినప్పుడల్లా ఒక పూర్వీకుడు వచ్చి నిలబడతాడు. కాబట్టి అక్కడ ఇది ఒక యుద్ధం కథ కన్నా ఎక్కువగా మన వంశం ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పే కథ.

మరి అసలుదేది? తంగిరాల వెంకట సుబ్బారావు 1970ల్లో కాటమరాజు కథల్ని సంపుటాలుగా పరిష్కరించారు. అచ్చులోకొచ్చిన పాఠాన్నే 'అసలు' అనుకోవడం మనకి అలవాటు. నేను రోజూ చూసే సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పుకీ తేదీ ఉంటుంది, మొదటిదేదో వెతికితే దొరుకుతుంది. పాటకి అలాంటి చిట్టా లేదు.

నాకు పనికొచ్చిన పద్ధతి ఒకటే: అన్నిట్లోనూ మారనిది పక్కన పెట్టడం. మేత, పుల్లరి, యుద్ధం, ఈ మూడూ నిలుస్తాయి. రాజు పేరు మారుతుంది, చిలుక ఒకచోట ఉంటుంది, ఒకచోట ఉండదు. అయితే ఈ మిగిలిన ముక్కని అసలు కథ అనడానికీ లేదు, దాన్ని ఎవరూ ఎప్పుడూ పాడలేదు. ఇక చిలుక తర్వాత చేరిన కల్పనే కావచ్చు. కానీ తిక్కన కథ ఖాళీగా వదిలేసిన ప్రశ్నకి గొల్లలిచ్చుకున్న జవాబు అది.

అందుకే చిలుకని తీసేసి 'శుద్ధ పాఠం' తయారుచేస్తే నాకు అభ్యంతరం. అలా చేస్తే మిగిలేది నెల్లూరు రాజు లెక్క: ఫలానావాడు పన్ను కట్టలేదు. అది పాతది కావచ్చు. అదీ ఒక పక్షం చెప్పిన కథే.