పదిహేడు నడుస్తదా?

ఈ వారం నాకు చిరాకు తెప్పించింది ధర్మసాగర్ దగ్గర వడ్ల కల్లంలో కనబడ్డ ఒక నల్లబల్ల. దాని మీద సుద్దముక్కతో ‘తేమ 17 శాతం లోపు’ అని రాసి ఉంది. పక్కనే ఒక రైతు తేమ మీటరు పట్టుకుని నిలబడ్డాడు. తెర మీద 17.0 చూపిస్తోంది.

“సార్, లోపంటే పదిహేడు నడుస్తదా, నడవదా?”

ఆయన అడిగింది < పెట్టాలా, ≤ పెట్టాలా అనే. కేంద్రం పెట్టిన నాణ్యతా ప్రమాణాల్లో వడ్ల తేమకు గరిష్ఠ పరిమితి 17 శాతం. అంటే m ≤ 17. పదిహేడు నడుస్తుంది.

గైడు పుస్తకాల మీద నా కోపం ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలిసిందే. ‘తక్కువ’ కనబడితే <, ‘ఎక్కువ’ కనబడితే > అని పిల్లలతో బట్టీ పట్టిస్తాయి. ‘బస్తా 40 కిలోలకు తక్కువ కాకుండా ఉండాలి’ అని ఇస్తే పిల్లవాడు తక్కువను చూసి w < 40 రాసేస్తాడు. వెనకాలున్న ‘కాకుండా’ మొత్తం తిరగేసిందని గమనించడు. 39, 40, 41 వరసగా పెట్టి చూస్తే చాలు: 39 కుదరదు, 40 కుదురుతుంది, 41 కుదురుతుంది. కాబట్టి w ≥ 40. ‘మించకుండా’ అన్నప్పుడూ ఇదే పరీక్ష చేస్తే ≤ వస్తుంది. 2025-26లో సాధారణ రకం వడ్ల కనీస మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. ‘కనీస’ను చూసి p ≤ 2369 అని రాస్తే, రైతుకు అండగా పెట్టిన ధరే ఆయనకు అడ్డుగోడ అవుతుంది.

≤, ≥ గుర్తుల్లోని కింది గీతకూ ఒక చరిత్ర ఉంది. గణితవేత్త హారియట్ పుస్తకంలోని <, > గుర్తులు ఆయన పోయాక 1631లో అచ్చయ్యాయి. సమానాన్ని కూడా కలుపుకున్న గుర్తును ఫ్రెంచ్ గణితవేత్త బూగే 1734లో వాడాడు. సరిహద్దు లోపలా బయటా అన్న సంగతిని గుర్తులోకి ఎక్కించడానికి కాలం పట్టింది.

బస్తాల లెక్కలో ఈ గీత లేకపోయినా గడిచిపోతుంది. ‘10 బస్తాల కంటే తక్కువ’ అన్నా, ‘9 బస్తాలకు మించకుండా’ అన్నా ఒకటే, మధ్యలో బస్తా ఉండదు గనక. తేమ అలా కాదు. ‘17 కంటే తక్కువ’ను ‘16కు మించకుండా’ అని మార్చి రాస్తే 16.4 వచ్చిన కుప్ప అన్యాయంగా వెనక్కి పోతుంది.

ఇదంతా రాస్తూ, నల్లబల్ల మీద m ≤ 17 అనే రాయించాలని తీర్మానించుకున్నాను. కానీ మీటరు ఒక దశాంశానికే చూపిస్తుంది. అసలు తేమ 17.04 అయినా తెర మీద 17.0 అనే వస్తుంది. దాన్ని లోపల వేసుకోవాలా, బయట వేయాలా అన్నది ఏ గుర్తూ చెప్పదు. అది ముందే మనుషులు కూర్చుని తేల్చుకోవాల్సిన మాట. అందుకే బల్ల మీద గుర్తు వద్దు. ‘మీటరులో 17.0 వచ్చినా తీసుకుంటాం, 17.1 వస్తే ఇంకా ఆరబెట్టాలి’ అని రాయండి, చాలు.