పడుకునే ముందు వెన్నముద్ద

మొరప్పూరులో మా మూడేళ్ళ మనవరాలిచేత రాత్రి పడుకునే ముందు చెప్పించే ప్రార్థన 'చేత వెన్నముద్ద'. కామర్సు చదివి బ్యాంకు లెక్కలు చూసుకునే నాకు ఛందస్సుతో పరిచయం తక్కువ. అయినా ఈ ఆటవెలదిలో ఒకటి గమనించాను. చివరి పాదం దాకా క్రియ లేదు. అన్నీ వస్తువులే. పాప ఒక్కొక్కదాన్నీ తన ఒంటిమీద చూపుతుంది. చేతులు జోడించే వేళకే 'కొలుతు' వస్తుంది.

వెన్న, మొలతాడు, గజ్జెలు మా ఇంటి మాటలే. తాయెత్తు తమిళంలోనూ ఉంది గనుక వీధిలోనూ విన్నదే. కొత్తవల్లా చెంగల్వ, దట్టి, సంది.

తడబాటు ఒకచోటే. అరచేయి, మెడ, నడుము చూపిస్తూ దిగిన వేలు మూడో పాదంలో మళ్ళీ సందికి, అంటే దండచేతికి, ఎక్కాలి. పాప మాట అనేస్తుంది, వేలు మాత్రం నడుము దగ్గరే ఉండిపోతుంది. అర్థం కాలేదనడానికి అదే గుర్తు. దండచేయి పట్టుకుని ఆ పాదాన్నే నాలుగు రాత్రులు రెండేసిసార్లు చెప్పించాను. పద్యంలో తిరిగి వచ్చే మాట లేదు, తిరిగి చెప్పించడం మన పనే.

గజ్జెల దగ్గర గంతులు వేయిస్తే మాత్రం నిద్ర ఎగిరిపోతుంది. పడుకోబెట్టి పాదాలు తాకించడమే మేలు.