కొలిచే చేతికి ముందు పరీక్ష

అమెరికన్ సొసైటీ ఫర్ క్వాలిటీ నిర్వహించే సిక్స్ సిగ్మా గ్రీన్ బెల్ట్ పరీక్ష ఈ మధ్యే పాసయ్యాను. మిత్రులకు స్వీట్లు పంచడం అయిపోయింది. చదువుకున్న వాటిలో మన హోసూరు వర్క్‌షాపులకు రేపే పనికొచ్చే పద్ధతి ఒకటుంది, దాన్నీ పంచుకోవాలనిపించింది. దాని పేరు గేజ్ ఆర్ అండ్ ఆర్. జాబ్ మీద తీర్పు చెప్పేముందు, ఆ జాబ్‌ను కొలిచిన తీరునే పరీక్షకు పెట్టడం ఇందులోని సంగతి.

హోసూరులో అశోక్ లేలాండ్, టీవీఎస్, టైటాన్ లాంటి పెద్ద ఫ్యాక్టరీల చుట్టూ సిప్‌కాట్‌లోనూ, కృష్ణగిరి వైపూ ఎన్నో చిన్న యూనిట్లు పెరిగాయి. వాటిలో తరచూ వినిపించే గొడవ ఒకటే. పంపినవాళ్లు సైజు సరిగ్గా ఉందంటారు, తీసుకున్నవాళ్లు లేదని వాపసు పంపుతారు. జాబ్ మారలేదు, కొలిచిన చేతులు మారాయి. ఆ తేడా ఎంతో లెక్కగట్టే పద్ధతిని అమెరికా ఆటో పరిశ్రమ సంఘం ఏఐఏజీ తన మాన్యువల్లో వివరంగా రాసింది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. గ్రైండింగ్ అయిన పిన్ను వ్యాసం 12 మిల్లీమీటర్లు, అటూ ఇటూ 10 మైక్రాన్లు పోవచ్చు. అంటే మొత్తం టాలరెన్స్ 20 మైక్రాన్లు. మైక్రోమీటర్ ఒక మైక్రాన్ దాకా చదువుతుంది. 10 పిన్నులు తీసుకుని, రోజూ కొలిచే ముగ్గురి చేత మూడేసిసార్లు కొలిపించాలి, మొత్తం 90 రీడింగులు. పిన్నులన్నీ ఒకే గంటలో వచ్చినవైతే లాభం లేదు. వేర్వేరు షిఫ్టుల నుంచి, చిన్నవీ పెద్దవీ కలిపి ఏరుకోవాలి. పిన్ను నంబరు కొలిచేవాళ్లకు కనపడకూడదు. వరస ప్రతిసారీ మార్చాలి. పాత రీడింగు గుర్తుంటే చేయి తెలియకుండానే దానివైపు మొగ్గుతుంది. ఎక్కడ కొలవాలో పిన్ను మీద గుర్తు పెట్టాలి, లేకపోతే పిన్ను గుండ్రంలో ఉన్న లోపం కూడా కొలత తప్పుగా లెక్కకెక్కుతుంది.

ఇక లెక్క. ఒకే మనిషి ఒకే పిన్నును మూడుసార్లు కొలిస్తే వచ్చే తేడా సగటున 1.2 మైక్రాన్లు అనుకుందాం. ముగ్గురి సగటుల్లో అన్నిటికన్నా ఎక్కువదానికీ తక్కువదానికీ మధ్య 1.8 మైక్రాన్లు ఉందనుకుందాం. మాన్యువల్లోని గుణకాలతో లెక్కిస్తే కొలత వ్యవస్థ ఒక్కటే టాలరెన్స్‌లో దాదాపు 35 శాతం మింగేస్తోందని తేలుతుంది. 10 శాతం లోపైతే మంచిది. 10 నుంచి 30 మధ్యైతే పనిని బట్టి ఒప్పుకోవచ్చు. 30 దాటితే ఆ కొలతతో జాబ్‌ను పాస్ చేయకూడదు, రిజెక్ట్ చేయకూడదు.

ఈ పద్ధతి విలువ ఆ 35 దగ్గర ఆగదు, తప్పు ఎటువైపుందో కూడా చూపిస్తుంది. ఒకే మనిషి రీడింగులే చెల్లాచెదురైతే ముందు పరికరాన్ని అనుమానించాలి: అన్విల్ అరిగిందా, స్పిండిల్ వదులైందా? మనిషికీ మనిషికీ తేడా ఎక్కువైతే కొలిచే తీరును చూడాలి. మన ఉదాహరణలో పెద్ద వాటా ఇదే. దగ్గర నిలబడి గమనిస్తే ఒకరు రాచెట్ తిప్పకుండా థింబుల్‌నే పట్టి బిగిస్తున్నారనుకోండి. ఎక్కువ ఒత్తిడి పడి రీడింగు తక్కువగా వస్తుంది. అందరూ రాచెట్ వాడాక మొదటి తేడా 0.8కి, రెండోది 0.4కి దిగితే అదే లెక్క దాదాపు 15 శాతానికి వస్తుంది. ఇంకా తగ్గాలంటే కంపారేటర్ లేదా ఎయిర్ గేజ్ కావాలి.

వేడి సంగతీ మరువకూడదు. కొలతలకు ప్రమాణ ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. 12 మిల్లీమీటర్ల ఉక్కు పిన్ను మైక్రోమీటర్ కన్నా 10 డిగ్రీలు వేడిగా ఉంటే దాదాపు 1.4 మైక్రాన్లు పెద్దగా కనిపిస్తుంది. గ్రైండర్ నుంచి తీసిన పిన్నును చల్లారనిచ్చే కొలవాలి.

ఈ పద్ధతికి ఒక హద్దుంది. ముగ్గురూ ఒకే మాట చెబుతున్నా, మైక్రోమీటరే 3 మైక్రాన్లు తప్పు చూపిస్తూ ఉండొచ్చు. గేజ్ ఆర్ అండ్ ఆర్ దాన్ని పట్టుకోలేదు. స్లిప్ గేజ్‌తో సరిచూడటం, క్యాలిబ్రేషన్ చేయించడం విడిగా జరగాల్సిందే.

అందుకే ఈసారి లాట్ వాపసు వచ్చినప్పుడు, తిరిగి గ్రైండింగుకు పంపేముందు 10 పిన్నులు ఏరండి. మీ ఇన్‌స్పెక్టరూ, వాళ్ల ఇన్‌స్పెక్టరూ అవే పిన్నులను ఒకరి రీడింగు ఒకరికి చూపించకుండా కొలవాలి. తేడా కొలతలో ఉంటే గ్రైండర్‌ను ఎంత సర్దినా ఆ గొడవ తీరదు.