కోయ పాటల్లో రామకథ: శాతాల తీర్పుపై ఒక పరిశీలన

భద్రాచలం అడవి పల్లెల కోయ పాటల్లో రామకథ ప్రస్తావన ఖమ్మం వైపు కన్నా ఎక్కువని కేవలం శాతాలతో తేల్చడం తొందరపాటు. ఉదాహరణకు రెండు వైపులా పదేసి పాటలు సేకరించగా, ప్రస్తావన ఉన్నవి అక్కడ 7, ఇక్కడ 3 అనుకుందాం. ప్రాంతంతో సంబంధమే లేకుంటే ప్రతి గడిలోనూ 10×10÷20, అంటే 5 ఉండాలి. ప్రతి గడిలో తేడా 2. దాని వర్గాన్ని 5తో భాగించి, నాలుగు గడులవీ కూడితే కై-స్క్వేర్ విలువ 3.2. ఇటువంటి పట్టికకు 5 శాతం స్థాయిలో హద్దు 3.84. విలువ అది దాటలేదు గనుక సంబంధం రుజువు కాలేదు. సంబంధం లేదనీ రుజువు కాలేదు. ఇవే నిష్పత్తులతో 40 పాటలుంటే విలువ 6.4కు చేరుతుంది. కానీ ఒకే గాయని పాడిన ఐదు పాటలను ఐదు విడి సాక్ష్యాలుగా లెక్కిస్తే ఆ 6.4కూ విలువ లేదు. అప్పుడు పాటలను కాదు, పాడినవారిని లెక్కించాలి.